మాస్టారి కోపం, ఒక నిమిషం ముప్పై సెకన్లు

దేశంలో ఇన్ని సమస్యలుండగా పోయిన నెలంతా నేను ఒక్కదాని మీదే పనిచేశాను. అది మా బావగారి ఆడిషన్ రీల్. ఆయనకి యాభై మూడేళ్ళు, జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తారు. తెలిసిన కో-డైరెక్టర్ ఒకాయన "లంచగొండి అధికారిని నిలదీసే టీచర్ పాత్ర ఉంది సార్, నిమిషమున్నర వీడియో పంపండి" అన్నాడు. ఇంట్లో రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి (ఇది ఇంట్లోవాళ్ళ అభిప్రాయం, పాఠకులది కాదు) మోనోలాగ్ నా మెడకి చుట్టుకుంది.

మొదటి ప్రతి అరగంటలో రాసేశాను. మాస్టారు పిడికిట్లో సుద్దముక్క నలిపి, గోడ మీద గాంధీగారి పటం వైపు ఒకసారి చూసి, "నేను దిద్దించిన అక్షరాలతోనే ఈ రోజు సంతకాలు అమ్ముకుంటున్నావురా!" అని గర్జిస్తారు. రాస్తున్నప్పుడు నాకే కళ్ళు చెమర్చాయి. కో-డైరెక్టర్ ఫోన్ చేసి చాలా మర్యాదగా "ఈ వారంలో ఇది పదకొండోది సార్. ఆ అధికారి పదకొండు మంది మాస్టార్ల దగ్గర ఓనమాలు దిద్దుకున్నాడంటారా?" అని అడిగాడు.

అప్పుడు కూర్చుని సీరియస్‌గా ఆలోచించాను. అసలు ఆ అధికారి నిమిషమున్నర సేపు తిట్లు తింటూ ఎందుకు కూర్చుంటాడు? నిజం ఆఫీసులో అయితే రెండో వాక్యానికే లేచి భోజనానికి పోతాడు, వచ్చాక ఫైలు మీద ఇంకో కొర్రీ రాస్తాడు. మా అక్క ఆపరేషన్ తాలూకు మెడికల్ రీయింబర్స్‌మెంట్ బిల్లు ఒక ఆఫీసులో అలాగే పడి ఉంది. బావగారికి క్లాసులుంటాయి కనక తొమ్మిదిసార్లూ అక్కే తిరిగింది. ఒకసారి ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ మీద సీలు సరిగా పడలేదన్నారు, ఇంకోసారి నాన్ డ్రాయల్ సర్టిఫికెట్ పాత ఫారం మీద ఉందన్నారు. డబ్బు అనే మాట మాత్రం ఆ తొమ్మిదిసార్లలో ఒక్కసారి కూడా ఎవరి నోటా రాలేదు. "పైన కూడా చూసుకోవాలి కదమ్మా" అన్నారు, అంతే. ఇంత నాజూగ్గా మాట్లాడే మనిషి ముందు గర్జిస్తే పిచ్చివాడిలా కనిపించేది మాస్టారే.

అంచేత మాస్టారు మాట్లాడటానికీ, అధికారి కుర్చీలోంచి లేవకుండా ఉండటానికీ ఒక కారణం కావాలి. అది నాకు బావగారి పదో తరగతి పాఠంలో దొరికింది. ఏసీబీ వాళ్ళు వల పన్నేటప్పుడు నోట్లకి ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. తీసుకున్నవాడి వేళ్ళని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్ళలో ముంచితే ఆ నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. ఆమ్లంలో రంగులేదు, క్షారంలో గులాబీ: ఏటా పిల్లల చేత బావగారు వల్లె వేయించే ముక్క ఇదే. డబ్బు చేతులు మారాక ఫిర్యాదుదారు సైగ చేస్తాడు, బయట ఉన్న బృందం లోపలికి రావాలి. వాళ్ళు మెట్లెక్కి వచ్చేదాకా అధికారి చేతులు కడుక్కోకూడదు. ఆ కాసేపూ కబుర్లతో ఆయన్ని కూర్చోబెట్టడమే మా మాస్టారి పని. మోనోలాగ్‌కి ఇంతకన్నా మంచి కారణం నాకు తట్టలేదు.

ఇంకో చిక్కు ఉంది. నోట్లు దొరికితే చాలదు, అడిగినట్టు కూడా రుజువు కావాలి. పరిస్థితులనుబట్టి కూడా ఆ రుజువు చేయవచ్చని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది గానీ, నోటితో అనిపించగలిగితే పని సులువు. పైగా 2018 సవరణ తర్వాత ఇవ్వడం కూడా నేరమే, బలవంతాన ఇచ్చినవాళ్ళు ఏడు రోజుల్లోగా చెప్పుకోవాలి. మా మాస్టారు ముందే చెప్పుకుని వచ్చారు కాబట్టి ఆయనకి భయం లేదు. పాత్రకి మాత్రం భయం ఉండాలని కో-డైరెక్టర్ అన్నాడు, ఉంచాం.

ఇదీ రెండో ప్రతి. అధికారి అప్పుడే నోట్లు సొరుగులో పెట్టాడు.

"కూర్చోండి సార్, కూర్చోండి. ఒక్క నిమిషం. లెక్క సరిపోయిందా? సరిపోయే ఉంటుందిలెండి, నాలుగుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లు తప్పొచ్చింది. సైన్స్ మాస్టార్ని, నాకు లెక్కలు అంతంతమాత్రం. ఎనిమిది వేలే కదండీ మీరన్నది? తల ఊపితే ఎలా సార్, మా క్లాసులో తల ఊపితే మార్కులుండవు, నోటితో చెప్పాలి. ఆఁ... ఎనిమిదే. థాంక్యూ సార్. మా ఆవిడ మీ ఆఫీసుకి తొమ్మిదిసార్లు వచ్చిందండీ. కుట్లు విప్పిన మర్నాడు కూడా వచ్చింది. మీరు కుర్చీ వేయించారట, చెప్పింది. ఎక్కడికి సార్? చేతులా? తర్వాత కడుక్కుందురు గానీ, భోజనానికి ఇంకా టైముందిగా. నిన్న పిల్లలకి ఒక ప్రయోగం చూపించాను. రెండు గ్లాసులు, రెండింట్లోనూ తెల్లటి నీళ్ళే, చూస్తే తేడా ఏమీ తెలియదు. వెనక బెంచీవాడు ఒకడు లేచి 'ఏది ఏదో ఎలా తెలుస్తుంది సార్?' అన్నాడు. ముంచితే తెలుస్తుందిరా అన్నాను. (మెట్ల మీద అడుగుల చప్పుడు. మాస్టారు అధికారి వేళ్ళ వైపు చూస్తారు.) మీ కోసమే వస్తున్నట్టున్నారు సార్. చేతులు బల్ల మీదే ఉంచండి."

స్టాప్‌వాచ్ పెట్టి చదివితే నిమిషమున్నరకి కొంచెం తక్కువ. ఎక్కడా గర్జన లేదు, గాంధీగారికి కూడా విశ్రాంతి దొరికింది.

ఇక షూటింగ్. ఫోను అడ్డంగా పెట్టి, వెనక క్యాలెండర్ తీసేసి, ఛాతీ దాకా ఫ్రేము పెట్టాం. ముందు పేరు, వయసు, ఎత్తు చెప్పి కుడివైపూ ఎడమవైపూ తిరిగి చూపించాలి, అది బావగారు స్కూల్ అసెంబ్లీలో లాగే చేశారు. కెమెరాలోకి చూడకూడదు, పక్కన కూర్చున్న మనిషిని చూస్తూ చెప్పాలి. ఆ మనిషి అధికారి మాటలు అందించాలి. నేను కెమెరా పట్టుకున్నాను కాబట్టి ఆ కుర్చీలో అక్క కూర్చుంది.

మొదటి మూడు టేకులూ బావగారి చూపుడువేలు పాడుచేసింది. ముప్పై ఏళ్ళుగా పిల్లల్ని లేపిన వేలు అది, "నోటితో చెప్పాలి" అనగానే దానంతట అదే లేచేది. నాలుగో టేకులో చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నాను. పైగా నా స్క్రిప్టులో అధికారికి ఉన్నది ఒక్క "ఎనిమిది" మాత్రమే. అక్క మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, బావగారి వైపు చూడకుండా, ఎక్కడో పైనున్న ఫ్యాన్‌తో మాట్లాడుతున్నట్టు, "అబ్బే, నాదేముంది మాస్టారూ... పైన కూడా చూసుకోవాలి కదా... ఎనిమిదే" అంది. బావగారికి నిజంగానే గొంతు తడారింది. ఆ తడారిన గొంతుతోనే మిగతాది చెప్పారు, టేకు ఓకే అయింది.

రెండ్రోజుల తర్వాత కో-డైరెక్టర్ ఫోన్ చేశాడు. మాస్టారు బాగా చేశారు, చూసి చెప్తామన్నాడు. పెట్టేసేవాడే, మళ్ళీ ఆగి "ఆ పక్కనుంచి అధికారిగా మాట్లాడిన గొంతు ఎవరిదండీ? ఆవిడ ఫొటోలు రెండు పంపిస్తారా?" అన్నాడు.

అక్క ఇంట్లో లేదు. పదోసారి ఆఫీసుకి వెళ్ళింది.