చక్రం కదలలేదు, లెక్క మాత్రం పెరిగింది

ఇరుసు ఎంత తిరిగిందో, ఏ వైపు తిరిగిందో ఎ, బి అనే రెండు లైన్ల పల్సులతో చెప్పే ఎన్‌కోడర్‌ను చదవడం ఎలా అని ఎవరిని అడిగినా అదే రెండు వరుసల మంత్రం చెబుతారు. ఎ లైను లేచినప్పుడు బి వైపు చూడు, బి కింద ఉంటే ఒకటి కలుపు, పైన ఉంటే ఒకటి తీసెయ్యి. నేనూ ఏళ్లపాటు ఇదే రాశాను. ఇప్పుడు దీన్ని ఎవరైనా కొత్తవాళ్లకు నేర్పుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మా స్నేహితుడి షెడ్డులో వైరును మీటరు ముక్కలుగా కోసే యంత్రం ఉంది. వైరు మీద దొర్లే చక్రం చుట్టుకొలత 300 మిల్లీమీటర్లు, దాని ఇరుసుకు ఒక చుట్టుకు 600 పల్సులిచ్చే ఎన్‌కోడర్. అంటే పల్సుకు అర మిల్లీమీటరు, మీటరుకు 2000 పల్సులు. కొన్ని ముక్కలు సరిగ్గా వస్తాయి, కొన్ని 12, 15 మిల్లీమీటర్లు తక్కువ వస్తాయి. కెపాసిటర్ పెట్టమన్నారు ఒకరు. పల్సు రాగానే 5 మిల్లీసెకన్లు కళ్లు మూసుకోమన్నారు ఇంకొకరు. వైరు సెకనుకు మీటరున్నర వేగంతో పోతుంటే ఆ 5 మిల్లీసెకన్లలో 15 పల్సులు పోతాయి, ఏడున్నర మిల్లీమీటర్లు! ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టేయమన్నట్టుంది.

చక్రం మీద సుద్దతో గీత గీసి, పక్కనే కూర్చుని చూశాను. వైరు ఆగి ఉంది, గీత కదలలేదు. పక్కనున్న ప్రెస్ ఒక్కో దెబ్బ వేసినప్పుడల్లా లెక్క మూడో నాలుగో పెరుగుతోంది. చక్రాన్ని వెంట్రుకవాసి పక్కకు తిప్పాను. ప్రెస్ ఎంత కొట్టినా లెక్క కదల్లేదు. దోషం అన్నిసార్లూ కనబడకపోవడానికి కారణం అక్కడే దొరికింది. చక్రం సరిగ్గా ఎ లైను మారే అంచు మీద ఆగితేనే ఈ తంటా.

ఆ అంచు మీద అదురుకు ఎ లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. బి కింద అలాగే ఉంటుంది. లేచిన ప్రతిసారీ మన మంత్రం ఒకటి కలుపుతుంది, పడినప్పుడు అసలు చూడదు. గడప మీద నిలబడి ఒకడు కాలు లోపలికీ బయటికీ ఊపుతుంటే, లోపలికి పెట్టిన ప్రతిసారీ ఒక మనిషి వచ్చాడని రాసుకున్నట్టు.

పల్సులను కాదు, స్థితులను చూడాలి. లైను కింద ఉంటే 0, పైన ఉంటే 1 అనుకుంటే, ఎ, బి రెండూ కలిపితే నాలుగే స్థితులు. ముందుకు తిరిగితే 00, 10, 11, 01, మళ్లీ 00. వెనక్కి తిరిగితే ఇదే వరుస తిరగబడుతుంది. ఒక అడుగులో ఒక్క లైనే మారుతుంది. కాబట్టి పాత స్థితి, కొత్త స్థితి పక్కపక్కన పెడితే దిక్కు తెలిసిపోతుంది. పదహారు గడుల పట్టిక చాలు. ఆర్డ్యునో ఊనోలో ఎ మూడో పిన్నుకు, బి రెండో పిన్నుకు కలిపి, రెండింటిలో ఏది మారినా దీన్ని నడిపించాను:

```c
const int8_t t[16] = { 0,-1, 1, 2,
                       1, 0, 2,-1,
                      -1, 2, 0, 1,
                       2, 1,-1, 0 };
uint8_t now = (PIND >> 2) & 3;
int8_t d = t[(old << 2) | now];
old = now;
if (d == 2) errs++; else count += d;
```

అదురుకు 00 నుంచి 10కి పోతే ఒకటి కలుస్తుంది, తిరిగి 00కు వస్తే ఒకటి పోతుంది. వంద దెబ్బలు పడినా లెక్క ఒక్క అడుగు దాటదు. పైగా ప్రతి మార్పునూ లెక్కిస్తున్నాం కనుక చుట్టుకు 2400 అడుగులు, అడుగుకు 0.125 మిల్లీమీటరు. మీటరుకు 8000 అని మార్చుకోవడం మరిచిపోతే పావు మీటరు ముక్కలు వస్తాయి (మరిచిపోయాను, వచ్చాయి). రెండు లైన్లనూ ఒకే చదువులో తీసుకోవడం కూడా ముఖ్యం. విడివిడిగా చదివితే ఆ మధ్యలో ఒకటి మారిపోయి, చక్రం ఎన్నడూ లేని స్థితి మన చేతికి వస్తుంది.

పట్టికలో 2 ఉన్న గడులు రెండు లైన్లూ ఒకేసారి మారినవి, ఉదాహరణకు 00 నుంచి 11. మధ్యలో ఒక అడుగు చూడలేకపోయామన్నమాట. ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పలేం. చాలామంది అక్కడ సున్నా రాసి ఊరుకుంటారు. నాకు అది దొంగలెక్కలా కనిపిస్తుంది. విడిగా లెక్కబెట్టండి. అయితే errs సున్నా ఉందని గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకోకండి. రెండు చదువుల మధ్య చక్రం మూడడుగులు ముందుకు పోతే పట్టికకు అది ఒకడుగు వెనక్కి వచ్చినట్టే కనిపిస్తుంది. నాలుగడుగులు పోతే అసలు కదలనట్టే.

మా యంత్రంలో సెకనుకు 12,000 అడుగులు, అంటే అడుగుకు 83 మైక్రోసెకన్లు. ఊనోకు అది తీరిక. అదే ఎన్‌కోడర్‌ను నిమిషానికి 3000 చుట్లు తిరిగే మోటారుకు బిగిస్తే అడుగుకు 8 మైక్రోసెకన్లే మిగులుతాయి. అక్కడ సాఫ్ట్‌వేరుతో కుస్తీ పట్టకుండా ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్ టైమర్లలో ఉండే ఎన్‌కోడర్ మోడ్‌కు అప్పగించడం మేలు.

కోడు మార్చాక చక్రాన్ని కావాలనే ఆ అంచు మీద ఆపి, ప్రెస్‌ను పది నిమిషాలు కొట్టించాం. లెక్క 0, 1, 0, 1. స్నేహితుడు మాత్రం ఆ కెపాసిటర్‌ను ఇంకా తీయనివ్వడం లేదు.