బీరువాలోని రెండో మినిట్స్ పుస్తకం

“బోర్డులో మాట్లాడిన రహస్యాలు మినిట్స్‌లో రాయకండి. రాస్తే అడిగిన ప్రతి వాటాదారుకూ చూపించాలి. అలాంటి వాటికి ‘క్లోజ్డ్ సెషన్’ పేరుతో వేరే పుస్తకం పెట్టి ఎండీ బీరువాలో ఉంచండి. ఎవరైనా అభ్యంతరం చెబితే చైర్మన్‌కు విచక్షణాధికారం ఉంది, ఎప్పుడైనా, ఏదైనా తీసేయవచ్చు.”

బెంగళూరులో చిన్న కంపెనీలు నడిపే మన తెలుగువాళ్ల మధ్య చాలాకాలంగా తిరుగుతున్న సలహా ఇది. ఇందులో పూర్తిగా నిలబడే మాట ఒక్కటీ లేదు.

ముందు వాటాదారుల సంగతి. 2013 కంపెనీల చట్టంలోని 119వ సెక్షన్ వాళ్లకు సర్వసభ్య సమావేశాల మినిట్స్ చూసే హక్కు ఇచ్చింది, బోర్డు మినిట్స్ చూసే హక్కు ఇవ్వలేదు. బోర్డు మినిట్స్ చూడగలిగేది డైరెక్టర్లు, ఆడిటర్లు, తనిఖీకి వచ్చిన అధికారులు, అవసరమైతే కోర్టు. గుట్టు రట్టయ్యే చోటు ఇంకొకటి ఉంది. అప్పు కోసం బ్యాంకు ఒక తీర్మానం నకలు అడుగుతుంది. ఆఫీసులో ఎవరో మొత్తం మినిట్స్ స్కాన్ చేసి పంపేస్తారు. ఆ ఒక్క తీర్మానం వరకే ధ్రువీకరించి ఇస్తే సరిపోయేది.

రెండో పుస్తకం మాటే అసలు ప్రమాదం. మన చట్టంలో క్లోజ్డ్ సెషన్ మినిట్స్ అంటూ వేరే ఏమీ లేవు. 118వ సెక్షన్ ప్రకారం సమావేశం ముగిసిన 30 రోజుల్లోగా వరుస పేజీ సంఖ్యలున్న పుస్తకంలో మినిట్స్ చేరాలి. అలా చేరినవాటికే, తప్పని ఎవరైనా రుజువు చేసేదాకా, సమావేశం సక్రమంగా జరిగిందన్న చట్టబద్ధమైన నమ్మకం ఉంటుంది. బీరువాలోని పుస్తకానికి ఆ రక్షణ ఉండదు. అది ఎప్పుడు రాశారన్న ప్రశ్నకే ముందు జవాబు చెప్పుకోవాలి.

పీణ్యలో విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీ ఉందనుకుందాం. నలుగురు డైరెక్టర్లు. కొనుగోళ్ల విభాగాధిపతి ఒక సరఫరాదారు దగ్గర కమీషన్ తీసుకుంటున్నాడని ఫిర్యాదు వచ్చింది. డైరెక్టర్లలో ఒకరు అతని బావమరిది. ఏడో అంశం చర్చకు రాగానే ఆయన తన బంధుత్వం చెప్పి బయటకు వెళ్లారు. ఇక్కడ మినిట్స్ ఇలా ఉంటే చాలు:

“అంశం 7: ఒక ఉద్యోగిపై వచ్చిన ఫిర్యాదుకు సంబంధించి గోప్య నోట్ 7-ఎ బోర్డు ముందుంచారు. బంధుత్వం వెల్లడించిన డైరెక్టర్ (పేరు) చర్చలోనూ నిర్ణయంలోనూ పాల్గొనలేదు. విచారణకు బయటి న్యాయవాదిని నియమించాలని మిగిలిన ముగ్గురూ ఏకగ్రీవంగా తీర్మానించారు. నోట్ 7-ఎ చైర్మన్ వద్ద సీలు వేసిన కవరులో ఉంటుంది. విచారణ ముగిసేదాకా బోర్డు అనుమతి లేకుండా దాన్ని తెరవరాదు.”

ఉద్యోగి పేరు, సరఫరాదారు పేరు, బిల్లులు, న్యాయవాది అభిప్రాయం అన్నీ నోట్‌లో ఉంటాయి. బోర్డు ముందుంచి మినిట్స్‌లో ప్రస్తావించిన పత్రంపై కంపెనీ సెక్రటరీ గానీ చైర్మన్ గానీ పొట్టి సంతకం చేయాలని బోర్డు సమావేశాల నియమావళి అయిన సెక్రటేరియల్ స్టాండర్డ్-1 చెబుతోంది. ఆ సంతకమే నోట్‌నూ పుస్తకాన్నీ ముడిపెడుతుంది. ఈ ఏర్పాటు ఎందుకంటే, అదే స్టాండర్డ్ ప్రకారం ముసాయిదా మినిట్స్ 15 రోజుల్లోగా డైరెక్టర్లందరికీ వెళ్లాలి, బయటకు వెళ్లిన బావమరిదికి కూడా. అభిప్రాయం చెప్పడానికి ఆయనకూ ఏడు రోజులు ఉంటాయి. వివరాలు మినిట్స్‌లోనే రాస్తే ఆయన్ని గదిలోంచి పంపించి ప్రయోజనమేమిటి?

ఇదే విషయం రెండో పుస్తకంలో రాశారనుకోండి. రేపు ఆ ఉద్యోగి కోర్టుకెక్కితే విచారణకు బోర్డు అనుమతి ఉందని చూపాలి. అసలు పుస్తకంలో ఆరో అంశం తర్వాత ఎనిమిదోది ఉంటుంది. ఎదుటి న్యాయవాదికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక చైర్మన్ అధికారం. 118వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చిన మాట నిజమే, కానీ దానికి హద్దులున్నాయి. ఒకరి పరువుకు భంగం కలిగించేది, చర్చకు సంబంధం లేనిది లేదా ప్రాధాన్యం లేనిది, కంపెనీ ప్రయోజనాలకు హాని చేసేది అనిపిస్తే చేర్చకుండా వదిలేయవచ్చు. ఆ మూడింట్లోనూ సంపూర్ణ విచక్షణ ఆయనదే. కానీ తీర్మానాన్ని వ్యతిరేకించిన డైరెక్టర్ పేరు రాయాలని అదే సెక్షన్ అంటోంది. ఇబ్బందిగా ఉందని అసమ్మతిని చెరిపేయడానికి ఈ అధికారం వాడుకునేవాళ్లు ఆ ఉపసెక్షన్ దాకా చదివి ఉండరు. పైగా ఇది మినిట్స్ రాసేటప్పటి అధికారం. సంతకమయ్యాక పేజీ తీసేస్తే అది తారుమారు చేయడమే. దానికి రెండేళ్ల వరకు జైలు, 25,000 నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా.

సీలు కవరుకూ హద్దులున్నాయి. కోర్టు అడిగితే తెరవాల్సిందే. అంతకంటే తరచుగా వచ్చే చిక్కు చైర్మన్ మారినప్పుడు వస్తుంది. పాతాయన కవరు ఇంటికి తీసుకెళ్లిపోతారు, కొత్తాయనకు అది ఉందనే తెలియదు. అందుకే ఎన్ని కవర్లు, ఏ నంబరుతో అప్పగించారో ఆ మార్పు జరిగిన సమావేశం మినిట్స్‌లోనే ఒక వాక్యం రాయించండి.