ఖాళీ కుర్చీకే మీ అమూల్యమైన ఓటు

మన దేశంలో ఇంతవరకు ఎన్నికల బరిలో నిలిచిన అభ్యర్థులందరిలోనూ అత్యంత నిష్కళంకులు ఎవరని అడిగితే, నేను తడుముకోకుండా ఖాళీ కుర్చీ పేరు చెబుతాను. దానికి కులం లేదు, బంధువులు లేరు, కాంట్రాక్టరు బావమరిది అసలే లేడు. అది ఏ వాగ్దానమూ చేయలేదు కాబట్టి ఏ వాగ్దానాన్నీ తప్పలేదు. ఇంతటి సచ్ఛీలం ఉన్న ఈ అభ్యర్థి 2001లో మధ్యప్రదేశ్‌లోని అనూప్పూర్ పట్టణంలో పోటీకి దిగి, ప్రజలు స్వయంగా ఎన్నుకున్న పురపాలక అధ్యక్షురాలిని ఇంటికి పంపింది. 2008లో ఛత్తీస్‌గఢ్‌లోని గుండర్‌దేహి, నవాగఢ్, రాజ్‌పూర్ పట్టణాల అధ్యక్షులకు కూడా ఇలాంటి ఎన్నికలోనే పదవులు పోయాయి.

పద్ధతి సులభమైనది. ఓటరు ముందు రెండు బొమ్మలు ఉంటాయి. ఒకదానిలో కుర్చీ మీద మనిషి కూర్చుని ఉంటాడు. దాన్ని ‘భరీ కుర్సీ’ అంటారు. రెండోదానిలో కుర్చీ ఒక్కటే ఉంటుంది. అది ‘ఖాలీ కుర్సీ’. అధ్యక్షుడు ఉండాలనుకుంటే మొదటిదానికి, పోవాలనుకుంటే రెండోదానికి ముద్ర వేయాలి. ఓటు వేసినవారిలో సగానికి మించి ఖాళీ కుర్చీని కోరితే అధ్యక్షుడు ఆ క్షణం నుంచి మాజీ అవుతాడు. దీనినే మనం ప్రజాప్రతినిధిని వెనక్కి పిలిచే హక్కు అని గర్వంగా చెప్పుకుంటాం.

అయితే ప్రజలు కోపంలో తొందరపడతారని చట్టం రాసినవారికి బాగా తెలుసు. అందుకే ఆ హక్కును మొదలుపెట్టే పని ప్రజలకు అప్పగించలేదు. మధ్యప్రదేశ్ పురపాలక చట్టంలోని 47వ సెక్షను ప్రకారం, ఎన్నికైన కౌన్సిలర్లలో మూడువంతుల మందికి, అంటే నాలుగింట మూడు వంతులకు, తగ్గకుండా సంతకాలు చేసి కలెక్టరుకు ఇస్తేనే ఈ తంతు ఆరంభమవుతుంది. ఆ ఎన్నికల నాటి నిబంధన ప్రకారం, అధ్యక్షుడు పదవిలోకి వచ్చిన మొదటి రెండేళ్లు ఎవరూ కదపకూడదు. పైగా మొత్తం పదవీకాలంలో ఒక్కసారి మాత్రమే ప్రయత్నించాలి.

ఒక ఊహాజనితమైన పట్టణంలో పదిహేను వార్డులు ఉన్నాయనుకుందాం. పదిహేనులో నాలుగింట మూడు వంతులంటే పదకొండుంపావు. కౌన్సిలర్లలో పావు మనుషులు ఉండరు కనుక పన్నెండు సంతకాలు కావాలి. ఊళ్లో పదివేలమంది ఓటర్లు మున్సిపల్ ఆఫీసు ముందు బైఠాయించినా ఆ పన్నెండింటిలో ఒక్క సంతకం కూడా పెరగదు. అధ్యక్షుడు ఎంత అసమర్థుడైనా నలుగురు కౌన్సిలర్లు అతని పక్షాన ఉంటే మిగిలేది పదకొండుమందే కాబట్టి, పదివేలమందికి తాగునీరు ఇవ్వడం కంటే ఆ నలుగురికి మురుగుకాల్వల పనులు ఇవ్వడం చవక అని అతడు త్వరగానే గ్రహిస్తాడు. అధ్యక్షుడు నిజాయితీపరుడై బిల్లులు ఆపితే, పన్నెండుమంది ఒక సాయంత్రం కూర్చుని ప్రజాస్వామ్యాన్ని కాపాడాలని నిర్ణయించుకోవచ్చు. క్యాంపు రాజకీయాలలో ఆరితేరిన తెలుగు పాఠకులకు ఆ సాయంత్రం ఎలా ఉంటుందో వివరించనవసరం లేదు. మన దగ్గర అవిశ్వాసం పెట్టేముందు బస్సెక్కించి రిసార్టుకు తరలించే కౌన్సిలర్లే అక్కడా ఉంటారు. అక్కడ తేడా ఏమిటంటే, తరువాత ప్రజలను కూడా ఒకసారి లేపి బొమ్మలు చూపిస్తారు.

ఆ బొమ్మల దగ్గర ఇంకొక చమత్కారం ఉంది. అధ్యక్షుడు మొదట గెలిచినప్పుడు ఐదుగురు పోటీపడ్డారనుకోండి. పోలైన ఎనిమిది వేల ఓట్లలో అతనికి రెండువేల ఎనిమిది వందలు వచ్చి, మిగిలిన నలుగురి మధ్య ఐదువేల రెండు వందలు చీలిపోతే, అతడు ధర్మంగా, పూలదండలతో గెలిచినట్టే. రెండేళ్ల తరువాత ఖాళీ కుర్చీ ఎదురుగా నిలబడినప్పుడు మాత్రం ఆ ఐదువేల రెండు వందలమంది చీలవలసిన అవసరం లేదు. ఒకరి ముఖం ఒకరు చూడని నలుగురు ఓడిన అభ్యర్థులు కూడా, ఆ కుర్చీలో తరువాత కూర్చోబోయేది తామేనని ఎవరికివారు నమ్ముతూ, ఏకగ్రీవంగా దాన్ని బలపరచవచ్చు. అతడు ఈ రెండేళ్లలో ఏ తప్పూ చేయకపోయినా, మొదటిరోజే మైనారిటీలో ఉన్న సంగతి ఇప్పుడు బయటపడుతుంది. ఖాళీ కుర్చీ గెలిచాక వచ్చే ఉపఎన్నికలో మాత్రం పాత పద్ధతే. మళ్లీ ఐదుగురు నిలబడి, మళ్లీ మూడోవంతు ఓట్లతో ఒకరు గెలవవచ్చు.

ఒక్కసారే ప్రయత్నించాలన్న నిబంధనను దూరదృష్టి గల అధ్యక్షుడు టీకాలాగా వాడుకోగలడు. తనకు పలుకుబడి బలంగా ఉన్న మూడో ఏట తన మిత్రులైన పన్నెండుమందితోనే సంతకాలు చేయించుకుని, ‘భరీ కుర్సీ’గా నెగ్గి బయటపడితే, మిగిలిన కాలమంతా ఏ రోగమూ అంటదు. ఇంతవరకు ఎవరైనా అలా చేశారని నేను అనడంలేదు. చట్టం దారి వేసిపెట్టిందని మాత్రమే వినయంగా మనవి చేస్తున్నాను.

ఇక పక్కనున్న మహారాష్ట్రకు వెళితే అక్కడ కుర్చీకి బదులు సీసా పోటీ చేస్తుంది. గ్రామంలో మద్యం దుకాణం మూయించాలంటే మహిళా ఓటర్లలో నాలుగోవంతు మంది సంతకాలు చేసి కోరాలి. అప్పుడు ఓటింగు జరుగుతుంది. బ్యాలెట్ మీద నిలబడిన సీసాకు ముద్ర వేస్తే దుకాణం ఉండాలని, పడుకున్న సీసాకు వేస్తే దుకాణం పోవాలని అర్థం. ఇక్కడ చొరవ నిజంగా ప్రజలదే. కౌన్సిలర్ల సంతకాలతో పనిలేదు. అందుకే ఆ లోటును లెక్కింపులో భర్తీ చేశారు. పడుకున్న సీసా గెలవాలంటే ఓటు వేసినవారిలో సగం చాలదు. జాబితాలో పేరున్న మహిళలందరిలో సగానికి మించి కావాలి.

వెయ్యిమంది మహిళా ఓటర్లున్న ఊరిలో ఐదువందలమంది పోలింగుకు వచ్చి, వారిలో నాలుగు వందల ఎనభై మంది సీసాను పడుకోబెడితే, ఇరవై ఓట్లు తెచ్చుకున్న దుకాణం ఘనవిజయం సాధించినట్టు. దుకాణదారు ప్రచారం చేయనక్కరలేదు, ఎవరికీ డబ్బు పంచనక్కరలేదు. ఆ రోజు కలుపుతీతకు కూలి కాస్త ఎక్కువ ఇచ్చే రైతు ఒకడు దొరికితే చాలు. పెళ్లై పొరుగూరికి వెళ్లినా జాబితాలో పేరు మిగిలిన కోడళ్లు, ఎప్పుడో కాలం చేసినా పేరు తొలగించని అవ్వలు, అందరూ నిటారుగా నిలబడిన సీసాకే మద్దతు పలుకుతారు. బతికినంతకాలం మొగుడి సారాతో పోరాడిన అవ్వ చనిపోయాక సారా పక్షం చేరడం ఈ లెక్కలోనే సాధ్యం.

మన నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు ఈ చట్టం లేని కాలంలో పుట్టడం వారి అదృష్టం. వయోజన విద్య తరగతులలో అప్పుడప్పుడే సంతకం నేర్చుకున్నవారు 1992లో ఏ వంతూ లెక్కపెట్టకుండా సారా దుకాణం మీదికి వెళ్లారు, వేలం పాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వారి సంతకాలను జాబితాతో సరిపోల్చి, రాని ఆడవారిని సారాకు అనుకూలంగా జమకట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

ఇప్పుడు నా నిరాడంబరమైన ప్రతిపాదన ఒక్కటే. ఒక ఏడాదిపాటు ఈ రెండు లెక్కలను తారుమారు చేసి చూడాలి. పడుకున్న సీసాకు పోలైన ఓట్లలో సగానికి మించి చాలని, ఖాళీ కుర్చీకి మాత్రం ఓటరు జాబితా మొత్తంలో సగానికి మించి కావాలని నిర్ణయించాలి. అప్పుడు పట్టణంలో చనిపోయినవారు, వలస వెళ్లినవారు, ఇంట్లో నిద్రపోయినవారు అందరూ అధ్యక్షుడి పక్షానికి వచ్చేస్తారు. ఈ సవరణకు పురపాలక అధ్యక్షులు చప్పట్లు కొడతారని నాకు నమ్మకముంది. మద్యం దుకాణదారుల అభిప్రాయం మాత్రం అడగవలసి ఉంది.