కాగితం మీది ఆవు వట్టిపోదు

ఐదు పాడి ఆవులకు లోను కావాలంటే దరఖాస్తు ఫారం నింపితే చాలునని మన రైతులు అనుకుంటారు. అది పొరపాటు. ఫారంలో ఆవుల సంఖ్య రాయడానికి గడి ఉంది, ధర రాయడానికి గడి ఉంది, ఆవు ఎప్పుడు పాలు ఆపేస్తుందో రాయడానికి మాత్రం గడి లేదు. అందుకని చిత్తూరు జిల్లా ఐరాల మండలం రైతు ఒకాయన తరఫున నేనే మేనేజరు గారికి ఉత్తరం రాసిపెట్టాను. అవసరమున్నవారు ఊరు, పేరు మార్చుకుని వాడుకోవచ్చు. హక్కులేవీ నావి కావు.

గౌరవనీయులైన మేనేజరు గారికి నమస్కరించి రాసుకునేది.

అయ్యా, వానను నమ్ముకుని వేరుశనగ వేసే మాలాంటి వాళ్ల ఇళ్లలో పదిహేను రోజులకోసారి డబ్బు కనబడేది పాల బిల్లులోనే. కాబట్టి ఐదు ఆవుల యూనిట్ పెట్టదలచాను. సంకరజాతి ఆవు ఒక్కోటి 80 వేలు, ఐదింటికి 4 లక్షలు. కొట్టానికి, గడ్డి కోసే మిషన్‌కు, బీమాకు కలిపి లక్ష. మొత్తం 5 లక్షల్లో నా వాటా 75 వేలు పోగా తమరు 4 లక్షల 25 వేలు ఇప్పించాలి. ఐదేళ్లకు, పది శాతం వడ్డీతో, నెల కంతు 9 వేలు అవుతుందని తమ క్లర్కుగారు లెక్క కట్టి చెప్పారు. ఆ లెక్కతో నాకు పేచీ లేదు. తమ లెక్కలో ఆవు సంవత్సరం పొడుగునా పాలిస్తోంది, పేచీ దానితోనే.

మా ఊళ్లో ఆవు అలా చేయదు. ఈనిన తర్వాత దాదాపు పది నెలలు పాలిస్తుంది, ఆ పైన వట్టిపోతుంది. సకాలంలో చూడి కట్టిందా, రెండు నెలల విశ్రాంతి తర్వాత మళ్లీ ఈనుతుంది. కట్టకపోతే ఆ విశ్రాంతి మూడు నెలలు, నాలుగు నెలలు కూడా అవుతుంది. ఎదకు వచ్చిన సంగతి మేము ఒక్కసారి గమనించకపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. పెళ్లికని ఊరికి పోయి ఆ ఒక్కరోజు తప్పిస్తే, ఆ పెళ్లి ఖర్చు ఆవు లెక్కలో కూడా రాసుకోవాల్సిందే.

(ఇక్కడ మేనేజరు గారు చదవడం ఆపి టీ తెప్పించుకుంటారు. తెప్పించుకోనివ్వండి.)

పాలు పూటకు ఐదు లీటర్ల చొప్పున రోజుకు పది, లీటరు 34 రూపాయలు అనుకుందాం. వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ అనే మిగతా ఘనపదార్థం తగ్గితే రేటు ఇంకా తగ్గుతుంది, ఆ ఏడుపు మరో ఉత్తరంలో. దాణా, ఎండు మేత, మందులు పోగా పాలిచ్చే ఆవు రోజుకు 140 మిగులుస్తుంది. పచ్చిగడ్డి నా పొలంలోదే, దానికి కూలి రాయలేదు, ఎందుకంటే ఆ కూలి నేనూ మా ఆవిడే. వట్టిపోయిన ఆవు మాత్రం రోజుకు 100 రూపాయలు తింటుంది. పాలివ్వట్లేదని మేత ఆపడానికి కుదరదు, కడుపులో దూడ ఉంటుంది కదా.

తమ పద్ధతి ప్రకారం ఐదు ఆవులనూ ఒకేరోజు, ఒకే కొటేషన్ మీద కొంటాను. అన్నీ తాజాగా ఈనినవే కొంటాం కనుక తమకు ఫోటో బాగా వస్తుంది. నెలకు 21 వేలు మిగులుతుంది, 9 వేలు కడతాను, తమరు నన్ను ఆదర్శ రైతు అంటారు. పది నెలలు గడిచాక ఐదూ అటూ ఇటూగా ఒకేసారి వట్టిపోతాయి. అప్పుడు నెలకు మేతకు 15 వేలు, కంతుకు 9 వేలు, వచ్చేది సున్నా. మూడు నెలలకు 72 వేలు. తమ నియమం ప్రకారం కంతు 90 రోజులు దాటి నిలిచిపోతే ఖాతా మొండిబాకీ అవుతుంది. ఆవు విశ్రాంతికి, ఖాతా చావుకు గడువు ఇంత చక్కగా కలవడం చూస్తే ఈ నియమం రాసినవారికి పశుపోషణలో లోతైన అనుభవం ఉందేమోనని నా అనుమానం.

'పాలున్న పది నెలల్లో దాచుకోవయ్యా' అంటారు తమరు. నిజమే. కానీ దాచుకున్న డబ్బు ఇంట్లో ఉన్నట్టు అందరికంటే ముందు పసిగట్టేది బోరు మోటారు. సరిగ్గా అప్పుడే కాలిపోతుంది.

కనుక నా విన్నపం ఒక్కటే. మూడు ఆవులకు ఇప్పుడు ఇప్పించండి, మిగతా రెండింటికి ఐదారు నెలల తర్వాత. ఇది నా సొంత తెలివి కాదు. రెండు విడతలుగా కొనాలని నాబార్డు వారి నమూనా పథకాల్లోనే ఉంది. అలా చేస్తే మొదటి మూడూ వట్టిపోయే వేళకు వెనకొచ్చిన రెండూ పాల మీద ఉంటాయి. ఆ రెండింటి మిగులు, మూడింటి మేత దాదాపు చెల్లుకు చెల్లు. కంతు ఒక్కటే నెత్తిన పడుతుంది. మూడు నెలలకు సుమారు 27 వేలు. 72 కాస్తా 27 అయింది, అంకెలు తిరగేసి రాశానని అనుకోకండి, తమ కాలిక్యులేటరులో కొట్టి చూసుకోండి.

(దీనికి బ్యాంకు జవాబు నాకు ముందే తెలుసు. రెండు విడతలంటే రెండు తనిఖీలు, రెండు బిల్లులు, రెండు ఫోటోలు. పైగా మార్చి 31 ఒక్కటే వస్తుంది. టార్గెట్‌కు ఐదు ఆవులూ ఈ ఏడాదే కావాలి, వాటిని వచ్చే ఏడాది మొండిబాకీల జాబితాలో రాసుకోవడానికి వేరే టార్గెట్ ఉంటుంది.)

కొనుగోలు విషయంలో ఇంకొక మనవి. ఆవును కొటేషన్ మీద కాక పొదుగు మీద కొననివ్వండి. సంతకు తెచ్చే ముందు పూటో రెండు పూటలో పాలు పితకకుండా ఉంచుతారు. పొదుగు కుండలా కనబడుతుంది, పద్నాలుగు లీటర్లని దళారి ఒట్టు పెడతాడు. ఆ మొదటి పూట పాలు లెక్కలోకి రావు. దాన్ని ఖాళీ చేయించి, తర్వాత వరసగా రెండు పూటలు దగ్గరుండి పితికిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. నాలుగు చన్నుల నుంచీ ధార సమానంగా వస్తోందా, మొదటి ధారల్లో పలుకులు గానీ నీళ్లలాంటి పాలు గానీ ఉన్నాయా అన్నది కూడా అప్పుడే చూడాలి, పొదుగువాపు అక్కడే దొరుకుతుంది. ఇందుకు ఒక రాత్రి అమ్మేవాడి ఊళ్లో పడుకోవాలి. డీడీ ఈరోజు సాయంత్రంలోగా ఇచ్చేయాలని తమరు పట్టుబడితే ఆ రాత్రి నాకు దొరకదు.

నా ఆధార్, పాస్‌బుక్, వన్‌బీ, అడంగల్, వేరే బ్యాంకుల్లో బాకీ లేదన్న కాగితం జతపరిచాను. ఆవుకు కూడా చెవిపోగు మీద పన్నెండంకెల నంబరు ఉంటుంది, కాబట్టి కేవైసీకి అది కూడా సిద్ధమే. ఆ పోగు ఊడిపోతే బీమా కంపెనీ ఆవు చచ్చిందని ఒప్పుకోదు గనుక, ఆవు కంటే పోగును ఎక్కువ జాగ్రత్తగా చూసుకుంటానని హామీ ఇస్తున్నాను.

తమ ఫీల్డు ఆఫీసరు గారు ఎప్పుడూ పదకొండు గంటలకు వస్తారు. ఆ వేళకు ఆవులు పడుకుని నెమరేస్తుంటాయి, ఆయన ఫోటో తీసుకుని వెళ్తారు. ఈసారి తెల్లవారి ఐదున్నరకు పంపించండి. కాఫీ మేమిస్తాం. పాలు ఆయన కళ్లముందే పితికినవే.

ఇట్లు,
తమ విధేయుడు, ఐరాల మండలం.