మైనస్ 510 గ్రాముల అన్నం

సోమవారం సాయంత్రం కోఆర్డినేటర్ గారు వాట్సాప్‌లో చెప్పారు, బుధవారం ఎనిమిదో తరగతికి నా డెమో పాఠమని. సమతులాహారం, పరిశుభ్రత, కొలతలు మూడూ ఒకే పీరియడ్‌లో రావాలట. పాఠ్య ప్రణాళికలో 'కొలవదగిన ఫలితం' అనే గడి ఖాళీగా ఉండకూడదట. నలభై ఐదు నిమిషాల్లో అన్నం ఉడకడమే గొప్ప, ఆ గడి గీసినాయన ఎప్పుడైనా ఎసరు పెట్టాడో లేదో.

సరే, లెక్క దగ్గర తప్పు చెయ్యకూడదనుకున్నాను. మధ్యాహ్న భోజన పథకంలో ఈ వయసు పిల్లలకి బియ్యం 150 గ్రాములు, పప్పు 30, కూరగాయలు 75. అవి పచ్చి బరువులు, వండిన అన్నం బరువు కాదు. ఈ తేడా చెప్పకపోతే పిల్లలు 150 గ్రాముల అన్నం పెట్టుకుని ఆకలితో లేస్తారు. నాలుగు పళ్లేలకి 600 గ్రాముల సోనా మసూరి ముందే వండించి తూచాను. 1600 గ్రాముల అన్నం తేలింది, పళ్లేనికి 400. ఇంత ముచ్చటైన లెక్క నా సర్వీసులో దొరకలేదు. గడిలో '400' అని రాసి కింద గీత కూడా గీశాను.

పరిశుభ్రత నియమాలు ఏడు రాయించి గోడకి అంటించాను. గాజులు తీయాలి, గోళ్లు కత్తిరించాలి, జుట్టు ముడెయ్యాలి, అలాంటివన్నీ. నన్ను ముంచింది నాలుగోది: 'ఆహారం, శుభ్రమైన గరిటె తప్ప ఇంకేది ముట్టుకున్నా సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి.' కుళాయేమో వరండా చివర.

త్రాసు మీద 310 గ్రాముల స్టీలు పళ్లెం పెట్టి, టేర్ నొక్కి సున్నా చేసి, చేతులు కడుక్కొచ్చి అన్నం వడ్డించడం మొదలెట్టాను. 200 దగ్గర కళ్లద్దాలు జారాయి. వేలితో పైకి తోశాను.

"మేడమ్, కళ్లద్దాలు!" ముందు బెంచీ అమ్మాయి.

వెళ్లాను. నా వెనకే ఇద్దరు వచ్చి ఒకటి నుంచి ఇరవై దాకా బిగ్గరగా లెక్కపెట్టారు. పదమూడు దగ్గర ఒకత్తె తప్పితే మళ్లీ మొదలు. తిరిగొచ్చేసరికి త్రాసు నిద్రపోయింది. బ్యాటరీ ఆదా చెయ్యడానికి రెండు నిమిషాలకి దానంతటదే ఆరిపోతుంది, ఎంత సంసారపక్షమో! బటన్ నొక్కాను.

"మేడమ్, బటన్!"

మళ్లీ వరండా. మళ్లీ ఇరవై. మళ్లీ నిద్ర. అలా మూడు ప్రదక్షిణలు చేశాను. నాలుగోసారి ఒక బుద్ధిమంతురాలు మోచేత్తో బటన్ నొక్కింది. మోచెయ్యి నియమాల్లో లేదు. తెర మీద సున్నా. సున్నా కనపడగానే సున్నా నుంచే మొదలుపెట్టడం నా చదువు. పళ్లెంలో అన్నం ఉందన్న సంగతి కళ్లకి కనిపిస్తూనే ఉంది, బుర్రకే ఎక్కలేదు. 400 దాకా వడ్డించాను. గోపురంలా లేచింది.

పళ్లెం ఎత్తాను. తెర మీద −510.

"మేడమ్, అన్నం మైనస్ అయిందా?"

క్లాసంతా లేచి నిలబడింది. ఒకమ్మాయి నోట్సులో రాసుకుంటోంది, చూశాను.

అసలు సంగతి ఏమిటంటే, ఈ త్రాసు ఆరి వెలిగినప్పుడల్లా అప్పుడు తన మీద ఏముంటే దాన్నే సున్నా అనుకుంటుంది. 510లోంచి పళ్లెం 310 తీసేస్తే మిగిలిన 200, త్రాసు మింగేసిన అన్నం. అంటే మొదటి పళ్లెంలో ఉన్నది 600. పళ్లెం తీశాక సున్నా కాకుండా పళ్లెం బరువే మైనస్‌లో వస్తే తూకం సరైనది, అంతకన్నా ఎక్కువ వస్తే మధ్యలో త్రాసు నిద్రపోయిందని పట్టుకోవచ్చు. ఇదంతా బోర్డు మీద చక్కగా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. చెయ్యి మళ్లీ కళ్లద్దాల మీదకి వెళ్లింది.

పప్పు, కూర ఎలా తూచానో గుర్తులేదు. గోపురాన్ని తీసి సర్దుదామంటే ఆ పళ్లెం అప్పటికే ఒకమ్మాయి కలిపేసుకుంది, ఎంగిలిది కదపడానికి వీల్లేదని ఆరో నియమం. మరో రెండు పళ్లేలు 400, 400. నాలుగోదానికి గిన్నెలో 200 మిగిలింది.

ఆ నాలుగోది అతిథి పళ్లెం, కోఆర్డినేటర్ గారిది. ఆయన చేతులు కడుక్కోకుండా కూర్చున్నారు. పిల్లలు నావైపు చూశారు. నేను గోడవైపు చూశాను.

తిని, ఇంకాస్త అన్నం ఉందా అని అడిగి, లేదంటే రిజిస్టర్ తెప్పించుకుని రాశారు: 'పోర్షన్ కొలతల మీద మరింత శ్రద్ధ అవసరం.' కింద పప్పు మరక.