“కట్టవచ్చు”ను “కట్టాలి” అని చదివితే

గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న మా మేనత్తకు 74 ఏళ్లు. ఇంటి ముందు గదిని ఒకమ్మాయికి కర్రీ పాయింట్ పెట్టుకోవడానికి అద్దెకిచ్చింది. మీటరు మాత్రం ఇంటి మీటరే. కరెంటు ఆఫీసు వాళ్లు తనిఖీకి వచ్చి చూసి వెళ్లారు. ఆ తర్వాత జూలై 11న ఇంగ్లీషులో ఒక నోటీసు చేతికిచ్చి సంతకం పెట్టించుకున్నారు. అత్తయ్య దాన్ని ఫొటో తీసి బెంగళూరులో ఉన్న మనవడికి పంపింది. వాడు పని మధ్యలో చూసి రెండు ముక్కల్లో తెలుగు చేసి పెట్టాడు: “కరెంటు దొంగతనం కేసు. 7 రోజుల్లో 18,600 కట్టాలి, ఆ గడువు నిన్నటితో అయిపోయింది.”

మర్నాడు పొద్దున్నే నాకు ఫోను. “ఒరే అబ్బాయ్, గాజులు బ్యాంకులో పెట్టి కట్టేద్దాం, కాస్త తోడు రారా.”

మనవడు చెప్పిన దాంట్లో సరిగ్గా ఉన్నది రూపాయల అంకె ఒక్కటే. వాడికి ఇంగ్లీషు రాదని కాదు, మనందరికన్నా బాగా వచ్చు. నోటీసును కూడా మెసేజి చదివినట్టే చదివి సారాంశం చెప్పడం దగ్గరే దెబ్బ తగిలింది. పెద్దవాళ్లకు నోటీసు సారాంశం చెప్పకూడదన్నది నా గట్టి అభిప్రాయం. సారాంశంలో మొదట ఎగిరిపోయేవి చిన్న మాటలు. నోటీసు బతికేదే ఆ చిన్న మాటల మీద.

ముందు “దొంగతనం” సంగతి. నోటీసులో ఉన్నది 2003 నాటి విద్యుత్ చట్టం 126వ సెక్షన్, అంటే అనధికార వినియోగం. ఇంటికని తీసుకున్న కనెక్షన్‌ను వ్యాపారానికి వాడితే ఇందులోకి వస్తుంది. దొంగతనం 135వ సెక్షన్. అది నేరం, పోలీసులూ కోర్టూ ఉంటాయి. 126లో ఉన్నది డబ్బు లెక్క మాత్రమే, ఆ వాడకానికి వర్తించే కేటగిరీ రేటుకు రెట్టింపు వేస్తారు. అందుకే తెలుగు చేసేటప్పుడు సెక్షన్ నంబరును వదిలేయకూడదు. మన తెలుగు మాట పక్కనే దాన్ని అలాగే ఉంచాలి. ఫొటో మసకగా ఉండి అంకె అనుమానంగా కనిపిస్తే ఊహించకుండా ఇంకో ఫొటో అడగాలి.

అసలు ప్రాణం తీసిన మాట ఇంకొకటి. నోటీసులో ఆ 7 రోజుల వాక్యం “మే యాక్సెప్ట్ అండ్ డిపాజిట్” అని ఉంది. అంటే, ఈ లెక్కను మీరు ఒప్పుకుంటే 7 రోజుల్లో కట్టవచ్చు. “కట్టాలి” కాదు. పైగా అక్కడ “యాక్సెప్ట్” అన్న మాట ఊరికే లేదు. అలా కట్టడమంటే వాళ్లు వేసిన లెక్కకు తలూపినట్టే. ఉభయుల సమ్మతితో వచ్చిన తుది ఉత్తర్వు మీద అప్పీలు ఉండదని అదే చట్టం 127వ సెక్షన్ చెబుతోంది. భయపడే పెద్దవాళ్లు చేసే మొదటి పని డబ్బు కట్టేయడం. పరువు పోతుందని, కరెంటు పోతుందని, పిల్లల్ని ఇబ్బంది పెట్టకూడదని కట్టేస్తారు. “కట్టవచ్చు”ను “కట్టాలి” అని చెప్పినవాడు వాళ్ల చేతిలోంచి అభ్యంతరం చెప్పుకునే హక్కును తీసి పక్కన పెట్టినట్టే.

ఆ హక్కు గురించి నోటీసులో ఎక్కడుంది? వెనక పేజీలో. అత్తయ్య పంపింది ముందు పేజీ ఫొటో ఒక్కటే, అడిగినవాళ్లూ లేరు. నేను వెళ్లి కాగితం తిరగేస్తే, నోటీసు అందిన 15 రోజుల్లో అభ్యంతరాలు రాసి ఇవ్వవచ్చని ఉంది. “అందిన” అన్న మాట కూడా ముఖ్యమే. నోటీసు మీద తేదీ జూలై 3. మనవడు అక్కడి నుంచి లెక్కపెట్టి గడువు 10నే అయిపోయిందన్నాడు. కాగితం ఇంటికొచ్చిందే 11న! ఫలానా రోజు నుంచి అన్నప్పుడు ఆ రోజును వదిలేసి మర్నాటి నుంచి లెక్కించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో ఉంది. ఆ లెక్కన అభ్యంతరానికి జూలై 26 దాకా టైముంది. పోస్టులో వచ్చిన నోటీసైతే కవరు పారేయకూడదు, దాని మీద పోస్టాఫీసు ముద్రే సాక్ష్యం.

ఇక అభ్యంతరం ఏమని రాయాలి? వాళ్లు 12 నెలలకు లెక్క వేశారు. అనధికారంగా ఎన్నాళ్లు వాడారో తేల్చలేనప్పుడే తనిఖీకి ముందు 12 నెలలకు వేయాలి. తేలితే అన్నాళ్లకే. కర్రీ పాయింట్ పెట్టి నాలుగు నెలలే అయింది. అద్దె అగ్రిమెంటు ఉంది. అంతకన్నా మంచి సాక్ష్యం అత్తయ్య దేవుడి గది తలుపు వెనక ఇనుప ఊచకు గుచ్చి దాచిన కరెంటు బిల్లులు. ఎనిమిది నెలలు నూట పది యూనిట్ల దగ్గర తిరిగిన మీటరు, ఆ అమ్మాయి గ్రైండరూ ఫ్రీజరూ పెట్టిన నెల నుంచి ఒక్కసారిగా లేచింది. నెలకు 1,550 చొప్పున 12 నెలలకు 18,600 వేశారు కనుక నాలుగు నెలలకు 6,200. వ్యాపారానికి వాడిన మాట నిజమే కాబట్టి అది దాచలేదు. ఎన్నాళ్లన్నది మాత్రం సరిచేయమని రాశాం, విచారణకు పిలవమని అడిగాం, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకున్నాం.

ఆ రోజు అత్తయ్యకు నేను రాసిచ్చిన తెలుగు కాగితంలో నాలుగే ముక్కలు, అవీ పెద్ద అక్షరాల్లో. “ఇది దొంగతనం కేసు కాదు. ఇప్పుడు డబ్బు కట్టొద్దు, ఎవరైనా వచ్చి అడిగితే నాకు ఫోన్ చెయ్యి. గడువుకు ఒక రోజు ముందే, 25లోపు కాగితం ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. తుది ఉత్తర్వు వచ్చాక 30 రోజుల్లో కట్టకపోతే ఏడాదికి 16 శాతం వడ్డీ, ఆర్నెల్లకోసారి అసలులో కలుస్తుంది.” చివరి ముక్క ఆవిడ భయపడుతుందని వదిలేయాలనిపించింది. వదల్లేదు. శిక్షను మెత్తబరచి చెప్పడం కూడా తప్పు అనువాదమే. ముందు పేజీలో ఉన్న “లయబుల్ టు బి డిస్కనెక్టెడ్”కు అర్థం రేపే పీకేస్తారని కాదు. బకాయి పడితే తీసే అధికారం ఉందని. దానికీ 56వ సెక్షన్ ప్రకారం కనీసం 15 పూర్తి రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఇది నోటితో చెబితే ఆవిడ మొహం కాస్త తేటబడింది.

చట్టపు భాషను ఇంట్లోవాళ్లు తెలుగు చేస్తే తప్పులు పోతాయి, వకీలు దగ్గరికే వెళ్లాలి అనేవాళ్లున్నారు. పెద్ద మొత్తమైతే, 135 అయితే, నేనూ వెళ్లమనే అంటాను. అభ్యంతరం తోసేస్తే, అప్పీలుకు వెళ్లాలంటే వాళ్లు లెక్క వేసిన మొత్తంలో సగం ముందు కట్టాలి, అక్కడా వకీలు కావాలి. కానీ వకీలు దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోవడానికే ముందు ఆ కాగితం అర్థం కావాలి కదా.

అందుకే నా కోపం మనవడి మీద కన్నా ఆ నోటీసు మీదే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది 1966లో. అంతటి చట్టమున్న రాష్ట్రంలో గుంటూరులో అచ్చయిన కాగితం, బ్రాడీపేటలో ఉన్న మనిషికి తెలుగులో అందడానికి బెంగళూరు చుట్టి రావాల్సి వచ్చింది. తెలుగులో ఇస్తున్నామని చెప్పే ఆఫీసుల నోటీసులైనా తీసి చూడండి. “ఇందుమూలముగా తెలియజేయడమేమనగా” అని మొదలై, ఎవరు ఏం చేయాలో చెప్పకుండానే పేజీ నిండిపోతుంది. తాఖీదు, సంజాయిషీ, జప్తు, దాఖలు అన్న మాటలు మా అత్తయ్యకు బాగా తెలుసు, వాళ్ల నాన్న కాలం నుంచి విన్నవే. తెలియనిదల్లా ఆ వాక్యంలో కర్త ఎవరన్నదే. హక్కు గురించిన మాట వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్నంతకాలం, దాన్ని తెలుగులో అచ్చేసినా చదివేవాళ్లకు దక్కేది భయమే. అభ్యంతరం చెప్పుకునే గడువు, ఎవరికి ఇవ్వాలి, ఏ రోజు నుంచి లెక్క అనే మూడు వాక్యాలు ముందు పేజీలో, డబ్బు అంకె పక్కనే, అదే సైజు అక్షరాల్లో తెలుగులో ఉండాలి. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఫారం మార్చి అచ్చేస్తే చాలు.

అత్తయ్యకు తుది ఉత్తర్వు 6,200కే వచ్చింది. ముందు గదికి కమర్షియల్ మీటరు వేరే పెట్టించాం. ఆ ఉత్తర్వు కూడా ఇంగ్లీషులోనే ఉంది. ఈసారి ఆవిడ రెండు పేజీలూ, కవరూ కలిపి ఫొటోలు తీసి పంపింది.