మీ ఆర్‌టీఓ గంట అని ఎవరు కొలిచారు?

"మా ఆర్‌పీఓ పావుగంట, ఆర్‌టీఓ గంట" అని సమావేశాల్లో ధీమాగా చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సిస్టం కూలినప్పుడు ఎంతసేపటి డేటా పోతే భరించగలమో అది ఆర్‌పీఓ, ఎంతసేపట్లో మళ్లీ లేచి నిలబడాలో అది ఆర్‌టీఓ. రెండూ మన కోరికలే. వాటి సంగతి డిస్కుకు తెలియదు.

2017 జనవరి 31న, సాఫ్ట్‌వేర్ కోడ్ దాచే సైటు గిట్‌ల్యాబ్‌లో జరిగింది చూడండి. డేటాబేస్ నకలైన రెప్లికాను శుభ్రం చేస్తున్నామనుకుని అసలు డేటాబేస్ డైరెక్టరీనే చెరిపేశారు. వెంటనే గ్రహించి ఆపినా దాదాపు 300 జీబీ పోయింది. రోజూ `pg_dump` తీసి ఎస్3లో దాచే ఏర్పాటు ఉంది కదా అని చూస్తే అక్కడ ఏమీ లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వెర్షన్ 9.6, నడుస్తున్న `pg_dump` 9.2. అందుకే అది ప్రతిసారీ ఫెయిలవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లను, డీమార్క్ అనే మెయిల్ తనిఖీ కారణంగా, అందుకునే సర్వరు తిరస్కరిస్తోంది. ఎవరికీ ఏ కబురూ అందలేదు. రెప్లికాను అప్పటికే ఖాళీ చేసేశారు.

చివరికి ఆదుకున్నది, వేరే పని కోసం ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో డిస్కు ఎలా ఉందో అలా తీసిన కాపీ. అంటే అసలు ఆర్‌పీఓ ఆరు గంటలు, అదీ అదృష్టం కొద్దీ. ఆ కాపీ ఉన్న స్టేజింగ్, అంటే పరీక్షల కోసం పెట్టుకున్న సర్వరు, డిస్కుల వేగమేమో సెకనుకు సుమారు 60 మెగాబిట్లు. ఆ లెక్కన 300 జీబీ లాగడానికే పదకొండు గంటలు. సైటు తిరిగి లేచేసరికి పద్దెనిమిది గంటలు పట్టింది. ఆర్‌టీఓను తేల్చేది ఈ భాగాహారమే, ఒప్పందం మీది సంతకం కాదు.

ఇది వినగానే "అయితే రెండు ఊళ్లలో ఒకేసారి నడిచే యాక్టివ్-యాక్టివ్ పెట్టేద్దాం" అంటారు. బ్యాకప్ నుంచి, కీలకమైన భాగాన్ని మాత్రమే వెలిగించి ఉంచే పైలట్ లైట్‌కు, అక్కడి నుంచి, అంతా చిన్న స్థాయిలో నడుస్తూ ఉండే వార్మ్ స్టాండ్‌బైకి ఎక్కేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, ఆర్‌టీఓ తగ్గుతుంది. నిజమే. కానీ హైదరాబాద్, ముంబై రెండు చోట్లా రాతలు జరుగుతుంటే, పొరపాటున కొట్టిన `DROP TABLE` కూడా క్షణాల్లో రెండో చోటికి చేరుతుంది. రీజియన్ మునిగితే కాపాడే ఏర్పాటు, మనిషి చెయ్యి జారితే కాపాడదు. పైగా కాపీ అసింక్రనస్ అయితే ఆర్‌పీఓ సున్నా కానే కాదు. సింక్రనస్ అయితే ప్రతి రాతా అవతలి ఊరి జవాబు కోసం ఆగాలి. మామూలు దుకాణం బిల్లింగ్‌కు ఈ ఆర్భాటం దేనికి?

నన్నడిగితే ముందు బేస్ బ్యాకప్‌తో పాటు, డేటాబేస్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే లాగ్‌ను దాచిపెట్టే వాల్ ఆర్కైవింగ్ పెట్టండి, చెరిపిన క్షణానికి ముందు వరకు వెనక్కి వెళ్లవచ్చు. తర్వాత నెలకోసారి ఖాళీ మెషీన్ మీద రిస్టోర్ చేసి గడియారం పట్టుకుని కూర్చోండి. పూర్తయ్యాక ఈ ప్రశ్న వేయండి:

```sql
SELECT max(created_at) FROM orders;
```

ఆ సమయానికీ, ప్రమాదం జరిగిందనుకున్న సమయానికీ మధ్య తేడాయే మీ అసలు ఆర్‌పీఓ. ఒప్పందంలో రాయాల్సింది ఆ అంకెనే.